'అన్నీ చేస్తాం' అంటున్న ట్యాక్స్ కన్సల్టెంట్లకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లోని పట్టణాల్లో, నగర శివార్లలో ట్యాక్స్ కన్సల్టెన్సీ నడుపుతున్న మిత్రులకు,

నమస్కారం. మీ ఆఫీసు బయటి బోర్డు గురించే ఈ ఉత్తరం. దాని మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్, రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్, ఈఎస్ఐ, ట్రేడ్ లైసెన్స్, ఫుడ్ లైసెన్స్, ఉద్యం, పాన్ కార్డు, డిజిటల్ సిగ్నేచర్, బ్యాంకు లోనుకు ప్రాజెక్టు రిపోర్టు అని ఉంటుంది. అడుగున కాస్త చోటు మిగిలితే 'మరియు ఇతర అన్ని సేవలు' అని కూడా రాయిస్తారు. రెండు వీధుల అవతల ఇంకొకాయన బోర్డు చూసినా ఇదే వరుస. కాబట్టి గిరాకీ ఇద్దర్నీ కలిపి ఒకటే అడుగుతాడు: ఎంత తీసుకుంటారు?

మీ పని తెలిసినవాళ్లు, మీరంటే గౌరవం ఉన్నవాళ్లు ఊళ్లో చాలామందే ఉంటారు. అయినా వాళ్ల నోటి నుంచి మీ పేరు రాదు. వాళ్లకు ఇష్టం లేక కాదు, ఎప్పుడు చెప్పాలో తెలియక. ఒకరు మనకు పని పంపాలంటే ముందు వాళ్ల చెవిన ఒక మాట పడాలి, ఆ మాటతో వెంటనే మన పేరు తట్టాలి. 'అన్ని ట్యాక్స్ పనులూ చూస్తాడు' అన్న మనిషి ఏ మాటకూ తట్టడు. 'అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడ ఫ్లాటు అమ్మితే టీడీఎస్ సంగతి చూస్తాడు' అన్న మనిషి, ఆ మాట వినపడిన ప్రతిసారీ తడతాడు.

ఈ ఉత్తరంలో ఆ ఒక్క ఉదాహరణనే చివరిదాకా పట్టుకుంటాం. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, విశాఖల్లో ఫ్లాటో ప్లాటో కొని విదేశాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఇది మన దగ్గర ఊహ కాదు, నిజంగా జరిగే పని.

ముందు ఆ పనిలో ఉన్న చిక్కు చూద్దాం. ఇక్కడే ఉండేవాళ్ల దగ్గర 50 లక్షలు, అంతకు మించిన ఆస్తి కొంటే 1 శాతం టీడీఎస్ కట్టి 26క్యూబీ ఫారం వేయాలని బ్రోకర్లకూ డాక్యుమెంట్ రైటర్లకూ కంఠతా వచ్చు. అమ్మేవాడు ఎన్నారై అయితే ఆ 1 శాతం వర్తించదు. 2026 ఏప్రిల్ 1కి ముందు అమల్లో ఉన్న పాత ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 195 దారి వేరు. 50 లక్షల హద్దు అక్కడ లేదు, పాత ఫారాల లెక్కన 26క్యూబీ పనికిరాదు, 27క్యూ రిటర్ను వేయాలి. అలవాటు కొద్దీ 1 శాతం కట్టేస్తే మిగతా పన్నూ దాని మీద వడ్డీ కొనుక్కున్నవాడి మెడకు చుట్టుకుంటాయి.

ఇప్పుడు ఒక లెక్క. కూకట్‌పల్లిలో 2012లో 35 లక్షలకు కొన్న ఫ్లాటును ఎన్నారై 90 లక్షలకు అమ్ముతున్నాడనుకుందాం. 2024 జూలై 23 నుంచి జరిగే దీర్ఘకాలిక అమ్మకాలకు రేటు 12.5 శాతం. మొత్తం 50 లక్షలు దాటి కోటి లోపు ఉంది కాబట్టి పన్ను మీద 10 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్సు కలిపితే 14.3 శాతం అవుతుంది. కొనేవాడికి లాభం ఎంతో తేల్చే అధికారం లేదు కాబట్టి, ఆచరణలో మొత్తం 90 లక్షల మీదా కోస్తాడు. అంటే 12 లక్షల 87 వేలు. అసలు లాభం 55 లక్షలే. ఎన్నారైకి ఇండెక్సేషన్ లేకుండానే లెక్కేసినా పన్ను 7 లక్షల 86 వేల 500. ఈ రెండింటి మధ్య తేడా 5 లక్షల పైచిలుకు. ఆ డబ్బు రిటర్ను వేసి రీఫండ్ వచ్చేదాకా ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. మళ్లీ ఇల్లు కొనుక్కునే ఉద్దేశంతో పాత చట్టం సెక్షన్ 54 మినహాయింపు వాడుకునేవాడైతే ఇరుక్కునే మొత్తం ఇంకా పెద్దది.

దీనికి మందు తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోవడం. పాత చట్టం లెక్కన సెక్షన్ 197, ఫారం 13. ట్రేసెస్ పోర్టల్‌లో అమ్మేవాడి లాగిన్ నుంచి దరఖాస్తు వేయాలి. అమ్మకం అగ్రిమెంటు, కొన్ననాటి దస్తావేజు, అప్పట్లో డబ్బు కట్టిన బ్యాంకు ఆధారాలు, పాత రిటర్నులు, లాభం లెక్క జతపరచాలి. ఇంటర్నేషనల్ ట్యాక్సేషన్ విభాగం అధికారి చూసి ఇస్తాడు. వారాలు పడుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలుతో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి, ఫైలు వేసేరోజున నంబర్లు, ఫారాలు, కొనేవాడికి టాన్ కావాలా వద్దా అన్నవి ఒకసారి సరిచూసుకోవాలి. బోర్డు మీద పది సర్వీసులు ఉన్నవాడు ఈ మార్పులను పది చోట్ల వెతుక్కోవాలి. ఒక మూలనే పట్టుకున్నవాడికి చదవాల్సినవి కొద్దిపాటి పేజీలే.

ఈ పని ఎవరు పంపుతారన్నది అసలు ప్రశ్న, ఎక్కువమంది పొరపడేదీ ఇక్కడే. ఎన్నారై ఫ్లాట్ల పని కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరి డాక్యుమెంట్ రైటర్లతో పరిచయం పెంచుకోవాలని ముందు తోస్తుంది. అది తప్పు దారి. డాక్యుమెంట్ రైటర్ దగ్గరకు ఫైలు వచ్చేసరికి రిజిస్ట్రేషన్ రెండు మూడు రోజుల్లో ఉంటుంది. అప్పటికి అడ్వాన్సులు చేతులు మారిపోయి ఉంటాయి. సర్టిఫికెట్ ఇచ్చిన తేదీకి ముందు కట్టిన సొమ్ముకు అది వర్తించదు, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కోత పడాలి. పైగా ఆ సర్టిఫికెట్ ఫలానా కొనుగోలుదారు పేరుతోనే వస్తుంది కాబట్టి, కొనేవాడు ఖాయం కాకముందు దరఖాస్తు వేయడమూ కుదరదు. అంటే మీ పేరు వినిపించాల్సిన సమయం చాలా ఇరుకైనది. బేరం కుదిరి, చిన్న టోకెన్ మాత్రం ఇచ్చి, పెద్ద మొత్తం ఇంకా కట్టని ఆ కొద్ది రోజులే.

ఆ రోజుల్లో ఆ మాట ఎవరి చెవిన పడుతుందో చూడండి. మొదట బ్రోకరు. తర్వాత ఫ్లాటు తాళాలు దగ్గర పెట్టుకుని అద్దె వసూలు చేసిపెట్టే బంధువు, చాలాసార్లు ఆయన చేతిలోనే పవర్ ఆఫ్ అటార్నీ ఉంటుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ, ఎందుకంటే బకాయిలు లేవన్న లెటర్ కోసం ఆయన్ను కలుస్తారు. కొనేవాడికి హోమ్ లోను ఇప్పిస్తున్న ఏజెంటు. బ్యాంకులో ఎన్నారై డెస్కు చూసే ఉద్యోగి. వీళ్లందరికంటే ముందు తెలిసేది ఆ ఎన్నారైకి అక్కడి రిటర్నులు వేసే సీపీఏకు, ఎందుకంటే 'ఇండియాలో ఫ్లాటు అమ్ముదామనుకుంటున్నాను, ఇక్కడ ఎంత పన్ను పడుతుంది' అని వాళ్లనే ముందు అడుగుతారు. అమెరికాలో తెలుగు గిరాకీ ఉన్న సీపీఏ ఒకరు మీ పేరు తెలుసుకుంటే పదిమంది డాక్యుమెంట్ రైటర్ల పెట్టు.

కాబట్టి ప్రత్యేకత ఎంచుకోవడమంటే 'నాకేం బాగా వచ్చు' అని మొదలుపెట్టేది కాదు. నా కన్నా ముందు ఎవరికి తెలుస్తుంది అన్నది మొదటి ప్రశ్న. తెలిసినవాడు ఆ పని తనే చేసుకోలేడా అన్నది రెండోది. ఇక్కడ బ్రోకరు చేసుకోలేడు, బ్యాంకు ఉద్యోగి చేయడు, సీపీఏకు మన చట్టంలో అధికారం లేదు. ఎవరికీ మీరు పోటీ కారు. అదే మీరు 'చిన్న కంపెనీల ఆడిట్' అని పెట్టుకుంటే, ముందుగా తెలిసేది ఇంకో సీఏకే. ఆయన ఆ పని మీకెందుకు పంపుతాడు?

'ఎన్నారై ట్యాక్స్', 'స్టార్టప్‌లు', 'ఎంఎస్ఎంఈలు' అన్నవి ప్రత్యేకతలు కావు, గుంపులు. ఎన్నారై అన్న మాట ఏ కబుర్లోనైనా దొర్లుతుంది, దొర్లిన ప్రతిసారీ మీతో పని ఉండదు. కాబట్టి రెండు మూడుసార్లు అక్కర్లేని చోట మీ పేరు చెప్పి, తర్వాత చెప్పడం మానేస్తారు. మనిషి ఎవరు, ఏం జరిగినప్పుడు, చేతికి ఏమిస్తారు అన్న మూడూ ఒక్క వాక్యంలో ఉండాలి. 'విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి ఇల్లు అమ్మేటప్పుడు, టీడీఎస్ తగ్గించే సర్టిఫికెట్ తెచ్చి, డబ్బు బయటికి పంపేదాకా చూస్తాం.' ఇందులో 'నాణ్యమైన', 'నమ్మకమైన', 'సమగ్ర' అన్న మాటలు ఒక్కటీ లేవు, అక్కర్లేదు కూడా.

ఈ ఉదాహరణే అందరూ తీసుకోవాలని లేదు. మీ ఊరు చీమకుర్తి దగ్గరైతే గ్రానైట్ ఎగుమతిదారుల జీఎస్టీ రీఫండ్ పట్టుకోవచ్చు. అక్కడ ముందు తెలిసేది కస్టమ్స్ ఏజెంటుకు, రెండేళ్ల గడువు దాటితే రీఫండ్ పోతుంది కాబట్టి తొందరా ఉంటుంది. మీది ఏ పనో తేలాలంటే గత రెండేళ్ల బిల్లుల పుస్తకం తీయండి. ప్రతి బిల్లుకు ఎదురుగా ఎవరు పంపారు, ఆ రోజు ఏం జరిగితే వచ్చారు, ఎన్ని గంటలు పట్టింది, డబ్బు ఎన్నాళ్లకు చేతికొచ్చింది అని నాలుగు గళ్లు గీసుకోండి. చాలా బిల్లుల దగ్గర మొదటి గడిలో 'పాత క్లయింటు', 'దారిలో బోర్డు చూసి' అని ఉంటుంది. ఒకే రకం సంఘటన మూడు నాలుగుసార్లు, వేరువేరు మనుషుల ద్వారా వచ్చిందంటే అక్కడ దారి ఇప్పటికే పడి ఉందని అర్థం. లెక్కలో అది పెద్ద మొత్తం కాకపోయినా సరే, ముందు దాన్నే చూడండి.

మరీ సన్నగా తరిగేశామా అన్న భయం సహజం. దాన్ని లెక్కతో తీర్చుకోవచ్చు. ఆ మాట ముందుగా వినే 12 మంది పేర్లు మీ ఫోన్లోంచే తీసి కాగితం మీద రాయండి. ఒక్కొక్కరికి ఏడాదికి అలాంటి బేరాలు మూడు తగులుతాయనీ, అందులో సగమే మీదాకా వస్తాయనీ అనుకుంటే ఏడాదికి 18 ఫైళ్లు. ఫైలుకు 20 వేలు తీసుకున్నా 3 లక్షల 60 వేలు. నెలకు 500 చొప్పున జీఎస్టీ రిటర్నులు వేసే క్లయింట్లు 60 మంది ఉంటే గానీ ఆ మొత్తం రాదు. ఈ అంకెలు మీ ఊరిని బట్టి మార్చుకోండి. కానీ పేర్లు 12 కాదు, ఆరు కూడా రాయలేకపోతే ఆ ప్రత్యేకత మంచిదే అయినా మీది కాదు, ఇంకొకటి వెతుక్కోవాలి.

పాత క్లయింట్లను వదిలేయమని మేం అనడం లేదు. నెలనెలా వచ్చే రిటర్నుల డబ్బే ఆఫీసు అద్దె కడుతుంది. మారాల్సింది మీరు చేసే పని కాదు, మీ గురించి మీరు చెప్పే మాట. 'ఏం చేస్తుంటారు సార్' అని పెళ్లి భోజనాల దగ్గర ఎవరన్నా అడిగితే ఆ ఒక్క వాక్యమే చెప్పండి. వాట్సాప్ ప్రొఫైల్లో, విజిటింగ్ కార్డు మీద అదే ఉంచండి. ఎక్కువమంది తప్పేది తర్వాతి నిమిషంలో. వాక్యం చెప్పి, ఎదుటివాడు తల ఊపగానే 'జీఎస్టీ, పీఎఫ్ కూడా చూస్తాంలెండి' అని తగిలిస్తారు. అక్కడితో చెప్పిందంతా చెరిగిపోతుంది. వినేవాడి బుర్రలో మీ కోసం ఉన్న చోటు ఒక్కటే, దాన్ని చివర విన్న మాట ఆక్రమిస్తుంది.

బ్రోకరుతో ఎలా మాట్లాడాలో కాస్త వివరంగా చెప్తాం. 'ఎన్నారై పనులుంటే చెప్పు తమ్ముడూ' అంటే ఆయన సరేనంటాడు, మరుక్షణం మరిచిపోతాడు. బ్రోకరు భయం పన్ను కాదు, బేరం చెడిపోవడం. చివరి నిమిషంలో కొనేవాడి లోను బ్యాంకు 'అమ్మేవాడు ఎన్నారై కదా, టీడీఎస్ ఏదీ' అని అడిగితే రిజిస్ట్రేషన్ ఆగుతుంది, ఆయన కమీషనూ ఆగుతుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. 'అమ్మే ఆయన విదేశంలో ఉంటాడని తెలిసిన రోజే, పెద్ద అడ్వాన్సు తీసుకోకముందే ఒక్క ఫోను చేయించు. అగ్రిమెంటులో టీడీఎస్ సంగతి ఎలా రాయాలో చెప్తాను, రిజిస్ట్రేషన్ తేదీ దానికి తగ్గట్టు పెట్టుకోవచ్చు.' ఆ తర్వాత ఆయన ముందుకు పంపడానికి వీలైన చిన్న మెసేజ్ ఒకటి ఇవ్వాలి. అది మీ గురించి కాదు, అమ్మేవాడి ప్రశ్న గురించి ఉండాలి. ఉదాహరణకు ఇలా:

'సార్, మీరు విదేశంలో ఉంటూ ఇక్కడి ఫ్లాటు అమ్ముతున్నారు కాబట్టి కొనేవాళ్లు 1 శాతం కాదు, మొత్తం ధర మీద ఎక్కువ టీడీఎస్ కోయాల్సి ఉంటుంది. దాన్ని తగ్గించే సర్టిఫికెట్ కోసం పెద్ద అడ్వాన్సుకు ముందే దరఖాస్తు వేసుకుంటే మేలు. కొన్ననాటి దస్తావేజు, పాన్, పాత రిటర్నులు దగ్గర పెట్టుకోండి.'

కింద పేరు, నంబరు చాలు. ఈ మెసేజ్‌లో గొప్పలు లేవు కాబట్టి బ్రోకరు దాన్ని తన సలహాగానే పంపుతాడు. పంపినందుకు ఆయన విలువ కూడా పెరుగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సీఏలకు 1949 నాటి చట్టం మొదటి షెడ్యూలు, లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనలు పని కోసం వెంటపడటం మీద, ఫీజులో వాటా పంచడం మీద ఆంక్షలు పెట్టాయి. మీరు ఆ వృత్తుల్లో ఉంటే ఇలాంటి మెసేజ్ ఎంతవరకు చెల్లుతుందో మీ సంస్థ నిబంధనలు చూసుకునే పంపండి. బ్రోకరుకు కమీషన్ ఇద్దామన్న ఆలోచన మాత్రం సీఏ కానివాళ్లు కూడా పెట్టుకోకపోవడం మేలని మా అభిప్రాయం. డబ్బు ఇచ్చి తెచ్చుకున్న పని, ఎక్కువ ఇచ్చేవాడు దొరికిన రోజు అటే వెళ్తుంది. మీరు సీఏ కాకపోతే, డబ్బు విదేశానికి పంపేటప్పుడు కావాల్సిన సర్టిఫికెట్, పాత చట్టం లెక్కన 15సీబీ, మీరు ఇవ్వలేరు. దానికి ఒక సీఏతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి, ఫైలు మధ్యలో వెతుక్కుంటే పంపినవాడి పరువు పోతుంది.

పంపినవాడి పరువు అన్నాం కదా, పని వచ్చే దారి ఎక్కువగా తెగిపోయేది అక్కడే. ఆయన తన గిరాకీని మీ చేతిలో పెట్టాడు, ఆ తర్వాత ఏమైందో ఆయనకు తెలియదు. అందుకని ఫోను వచ్చినరోజు 'మాట్లాడాను, థాంక్స్' అని ఒకటి, దరఖాస్తు వేసినరోజు ఒకటి, సర్టిఫికెట్ చేతికొచ్చినరోజు ఒకటి, మూడే మెసేజ్‌లు పెట్టండి. అంకెలు చెప్పకండి, క్లయింటు లాభం ఎంతో బ్రోకరుకు తెలియాల్సిన పని లేదు. మీకు సరిపడని ఫైలు వస్తే, ఉదాహరణకు వారసత్వ తగాదాలో ఉన్న ఆస్తి వస్తే, అదేరోజు ఫలానా లాయరు దగ్గరకు పంపుతున్నానని చెప్పండి. వద్దన్నా కూడా మీరు దేనికి పనికొస్తారో ఆయనకు మరింత స్పష్టమవుతుంది.

పని చేస్తుందో లేదో ఆరునెలల్లో తెలుస్తుంది, అదీ ఫైళ్ల సంఖ్య చూసి కాదు. కొత్తగా ఫోను చేసినవాళ్లు మొదట అన్న మాటను యథాతథంగా నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. 'మీరు ఇన్‌కమ్ ట్యాక్స్ చూస్తారట' అని మొదలుపెడితే మీ వాక్యం మనుషుల మధ్య ప్రయాణం చేయలేదు, దాన్ని ఇంకా చిన్నది చేయాలి. 'మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడండీ, మియాపూర్ ఫ్లాటు బేరమైంది, ఏదో సర్టిఫికెట్ తెస్తారట కదా' అంటే వాక్యం చెక్కుచెదరకుండా వచ్చింది. 'రిజిస్ట్రేషన్ అయిపోయిందండీ, పన్నెండు లక్షలు కోశారు, ఇప్పుడేమన్నా చేయగలరా' అని వస్తుంటే మాత్రం వాక్యం సరైనదే, చెవులు తప్పు. మీరు ఇంకా డాక్యుమెంట్ రైటర్ల ద్వారానే తెలుస్తున్నారు. ఆ ఫైళ్లకు రిటర్ను వేసి రీఫండ్ తెచ్చిపెట్టండి. వచ్చే నెల మాట్లాడాల్సినవాళ్ల జాబితాలో మాత్రం అసోసియేషన్ సెక్రటరీలను, సీపీఏలను పైకి తెచ్చుకోండి.

ఇట్లు,
ఇదే వృత్తిలో ఉన్న కొందరు సలహాదారులు